తనతో తానే ఆడి దాడి నేర్చుకునే ప్రోగ్రామ్

నల్గొండ, పాలమూరు పల్లెల్లో అరుగు మీదనో, గుడి మండపం బండ మీదనో బొగ్గుతో గీసిన మూడు కాయల దాడి పటం చాలామంది చూసే ఉంటారు. ఒక చతురస్రం, మధ్యలో నిలువు గీత, అడ్డ గీత, మూలల నుంచి మూలలకు రెండు ఏటవాలు గీతలు. గీతలు కలిసే చోట్లు తొమ్మిది. ఒకరివి మూడు చింతగింజలు, ఇంకొకరివి మూడు గులకరాళ్లు. ముందు ఒకరి తర్వాత ఒకరు తలా ఒకటి పెడుతూ పోతారు. ఆరూ పెట్టాక, గీత వెంబడి పక్కనున్న ఖాళీ చోటుకు ఒక్కో కాయను జరుపుతారు. ఎవరి మూడు కాయలు ఒకే వరుసలో పడితే వాళ్లు గెలిచినట్టు. ఊరూరికీ చిన్న చిన్న తేడాలున్నాయి. ఈ వ్యాసంలో మాత్రం ఈ పద్ధతే తీసుకుంటున్నాను.

ఈ ఆటను ఒక ప్రోగ్రామ్‌కు నేర్పాలి. ఎత్తులు మనం చెప్పకూడదు. పెద్దవాళ్లు ఆడిన ఆటలు రాసిపెట్టి ఇవ్వకూడదు. నియమాలు మాత్రమే చెప్పి, తనతో తానే ఆడుకోమని వదిలేయాలి. నల్గొండలో డిగ్రీ పిల్లలకు ఈ సంగతి చెబుతుంటే ఒకమ్మాయి వెంటనే అడిగింది: "సార్, ఇద్దరూ ఏమీ రానోళ్లే అయితే ఒకరి దగ్గర ఒకరు ఏం నేర్చుకుంటరు?" ఈ విషయంలో అడగాల్సిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు దొరికితే మిగతాదంతా వివరమే.

జవాబు ఏమిటంటే, వాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడం లేదు. ఇద్దరూ ఆట నియమం దగ్గర నేర్చుకుంటున్నారు. ఎంత తెలియనివాళ్లు ఆడినా, మూడు కాయలు వరుసలో పడ్డ క్షణాన ఎవరు గెలిచారో నియమం కచ్చితంగా చెబుతుంది. ఆ ఒక్క తీర్పును ఆట చివరి నుంచి వెనక్కి, ఒక్కో ఎత్తు దాటించుకుంటూ మోసుకుపోవడమే నేర్చుకోవడం. అది ఎలా జరుగుతుందో ఒక నిజమైన స్థితి పట్టుకుని చూద్దాం.

ముందుగా ప్రోగ్రామ్ దగ్గర ఏముంటుందో చెప్పుకోవాలి. చోట్లకు ఇలా అంకెలు పెట్టుకుందాం:

```
1 2 3
4 5 6
7 8 9
```

అడ్డంగా మూడు, నిలువుగా మూడు, ఏటవాలుగా రెండు, మొత్తం గెలుపు వరుసలు ఎనిమిది. నడిమి చోటు 5 నుంచి మిగతా ఎనిమిదింటికీ దారి ఉంది. మూలల నుంచీ, పక్కల నుంచీ తలా మూడు దారులే. 2 నుంచి 4కు నేరుగా గీత లేదని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఏటవాలు కదలిక నడిమి చోటు మీదుగా మాత్రమే ఉంటుంది.

ప్రోగ్రామ్ దగ్గర ఉండేది ఒక పట్టిక. పటం మీద కాయలు ఎన్ని రకాలుగా ఉండగలవో, ఒక్కో రకానికి ఒక్కో వరుస. ఇప్పుడే ఎత్తు వేసినవాడి కాయను `A` అని, ఎదుటివాడి కాయను `B` అని, ఖాళీని చుక్కగా రాసుకుంటే, ఖాళీ పటం మొదలుకొని ఆరు కాయలూ ఉన్న స్థితుల దాకా కలిపి 4,030 వస్తాయి. అందులో కొన్ని నిజమైన ఆటలో రానే రావు. ఈ ఆటను ఎంచుకోవడానికి ఒక కారణం ఇదే: ఇంత చిన్న పట్టికను మనిషి కూడా తెరిచి చదువుకోవచ్చు.

ప్రతి స్థితి పక్కన ఒక అంకె ఉంటుంది, −1 నుంచి +1 లోపల. ఇప్పుడే ఎత్తు వేసి ఈ స్థితిని తెచ్చినవాడికి ఇది ఎంత మంచిది అన్నదే ఆ అంకె. +1 అంటే గెలుపు, −1 అంటే ఓటమి. మొదట అన్నీ సున్నాలే. ఎత్తు వేయాల్సి వచ్చినప్పుడు ప్రోగ్రామ్ తనకున్న ఎత్తులన్నీ మనసులో వేసి చూసుకుని, ఏ స్థితికి అంకె ఎక్కువుంటే ఆ ఎత్తు వేస్తుంది. అంకెలు సమానమైతే చీటీ తీసినట్టు ఏదో ఒకటి. గింజల తరఫున ఆడేదీ, రాళ్ల తరఫున ఆడేదీ ఈ ఒక్క పట్టికే. తనతో తానే ఆడటం అంటే ఇంతే.

ఇప్పుడు ఈ స్థితి చూడండి. గింజలు 1, 5, 8లో ఉన్నాయి. రాళ్లు 2, 4, 9లో ఉన్నాయి. గింజలు ఇప్పుడే 7 నుంచి 8కి జరిగాయి, వంతు రాళ్లది.

```
A B .
B A .
. A B
```

రాళ్లకు ఉన్న ఎత్తులు మూడే మూడు: 2 నుంచి 3కు, 9 నుంచి 6కు, 4 నుంచి 7కు. రాయి 2 నుంచి 3కు పోతే 2 ఖాళీ అవుతుంది, గింజ 1 నుంచి 2కు వచ్చి 2-5-8 నిలువు వరుస కడుతుంది. రాయి 9 నుంచి 6కు పోతే గింజ 8 నుంచి 9కి వచ్చి 1-5-9 ఏటవాలు కడుతుంది. 4 నుంచి 7కు పోవడం ఒక్కటే బతికించే ఎత్తు. దాడి ఆడే పిల్లలకు ఇది చూడగానే తెలుస్తుంది. సున్నాలతో నిండిన పట్టికకు మూడూ ఒకటే.

మొదటిసారి రాళ్లు 2 నుంచి 3కు జరిగాయనుకుందాం. ఇప్పుడు గింజల వంతు. గింజలకు ఐదు ఎత్తులున్నాయి, అందులో గెలుపు ఎత్తు ఒక్కటే. పట్టికలో ఐదూ సున్నాలే కాబట్టి గెలుపు కళ్ల ముందే ఉన్నా ఐదింట నాలుగుసార్లు దాన్ని వదిలేసి వేరేది వేస్తుంది. ఎప్పుడో ఒకసారి అనుకోకుండా 1 నుంచి 2కు జరుగుతుంది. అప్పుడు నియమం కలగజేసుకుంటుంది: మూడు వరుసలో పడ్డాయి, ఆట అయిపోయింది. ఆ చివరి స్థితి పక్కన +1 పడుతుంది. ప్రోగ్రామ్‌కు తెలిసిన మొదటి నిజం ఇది.

అక్కడి నుంచి తీర్పు వెనక్కి నడుస్తుంది. గింజలకు +1 అంటే, దానికి ముందు 2 నుంచి 3కు జరిగిన రాళ్లకు −1. కానీ ఒక్క ఆట చూసి ఆ స్థితికి −1 రాసేయడం తొందరపాటు. ఆ తర్వాత వచ్చిన ఎత్తు చీటీ తీసి వేసిందే కదా. అందుకే పాత అంకె నుంచి కొత్త తీర్పు వైపు పదో వంతు మాత్రమే జరుపుతాం. సున్నా నుంచి −1 వైపు పదో వంతు అంటే −0.1. ఇంకో అడుగు వెనక్కి పోతే, గింజలు 7 నుంచి 8కి జరిగిన మన బొమ్మలోని స్థితి ఉంది. ఎదుటివాడికి −0.1 అయితే వీళ్లకు +0.1, అందులో పదో వంతు +0.01. అంతకు ముందరి స్థితికి −0.001. ఆట మొదటి ఎత్తు దాకా పోయేసరికి తీర్పు ఉందా లేదా అన్నంత పలచబడుతుంది. ఈ పని మొత్తం కోడ్‌లో ఇంతే:

```python
def update(V, prev, nxt, step=0.1, g=1.0):
    old = V.get(prev, 0.0)
    target = -g * V.get(nxt, 0.0)
    V[prev] = old + step * (target - old)
```

`prev` ముందరి స్థితి, `nxt` దాని తర్వాత వచ్చిన స్థితి. ఆ మైనస్ గుర్తే ఈ పద్ధతికి ప్రాణం: నీకు మంచిది నాకు చెడ్డది. దాన్ని మరిచిపోతే ప్రోగ్రామ్ ఆగిపోదు, తప్పు చూపించదు, లక్ష ఆటలు హాయిగా ఆడుతుంది. ఎదుటివాడిని గెలిపించే ఎత్తులు మాత్రం శ్రద్ధగా నేర్చుకుంటుంది. `g` సంగతి తర్వాత చెబుతాను, ప్రస్తుతం అది 1.

తిరిగి మన స్థితికి వద్దాం. రెండోసారి ఇదే స్థితి వచ్చినప్పుడు రాళ్ల ముందున్న అంకెలు −0.1, 0, 0. రాళ్లు 2 నుంచి 3కు జరగడం మానేస్తాయి. మిగిలిన రెండింటిలో 9 నుంచి 6కు జరిగితే, గింజలు ఎప్పుడో ఒకసారి 8 నుంచి 9కి వచ్చి గెలుస్తాయి, అదీ −0.1 అవుతుంది. అప్పుడు మిగిలేది 4 నుంచి 7కు జరగడం. రాళ్ల తరఫున ఆడే ప్రోగ్రామ్‌కు ప్రమాదం అంటే ఏమిటో, కాచుకోవడం అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. రెండు దారుల్లో దెబ్బ తగిలింది, మూడో దారి మిగిలింది.

ఇక్కడే అసలు విశేషం ఉంది. గింజలు 7 నుంచి 8కి జరగడానికి మొదట్లో +0.01 వచ్చింది కదా, అది రాళ్లు తెలివితక్కువగా ఆడినందుకు వచ్చిన మార్కు. రాళ్లు 4 నుంచి 7కు జరగడం నేర్చుకున్నాక ఆ ఎత్తు నేరుగా గెలుపు ఇవ్వదు. అప్పటి నుంచి దాని అంకె 4 నుంచి 7కు జరిగాక వచ్చే స్థితి అంకెను పట్టి మారుతుంది. అంటే ఎదుటివాడి అజ్ఞానం మీద సంపాదించిన మార్కులు, ఎదుటివాడు తెలివి తెచ్చుకున్నకొద్దీ కరిగిపోతాయి. ఇద్దరూ ఒకే పట్టిక కాబట్టి ఒక పక్క నేర్చుకున్నది వెంటనే రెండో పక్క సవాలు అవుతుంది. ఎప్పుడూ ఓడిపోయే బలహీనుడితోనో, ఎప్పుడూ గెలిచే మొనగాడితోనో ఆడితే ఈ లాభం ఉండదు. బలహీనుడితో ఆడితే మోసపు ఎత్తులే మంచి ఎత్తులని పట్టికలో మిగిలిపోతాయి. మొనగాడితో ఆడితే మొదట్లో అన్నీ ఓటములే, ఏ ఎత్తు మేలో తేల్చుకోవడానికి తేడా దొరకదు.

ఇక చెడిపోయే చోట్లు చూద్దాం.

ప్రోగ్రామ్ ఎప్పుడూ ఎక్కువ అంకె ఉన్న ఎత్తే వేస్తూ పోతే కొద్దిసేపట్లోనే ఒక దారికి అలవాటు పడిపోతుంది. 9 నుంచి 6కు జరగడం ఒకసారి దెబ్బ తిన్నదని వదిలేసింది బాగానే ఉంది. కానీ ఒక మంచి ఎత్తు కూడా మొదటిసారి దురదృష్టం కొద్దీ ఓడితే, దాని అంకె సున్నా కంటే కిందకు పోయి, ఇంకెప్పుడూ దాని జోలికి పోదు. అందుకని పది ఎత్తుల్లో ఒకటి అంకెలతో పని లేకుండా ఇష్టం వచ్చినట్టు వేయిస్తాం. 1992లో ఐబీఎంలో జెరాల్డ్ టెసారో బ్యాక్‌గామన్ ఆటకు ఇలాగే తనతో తానే ఆడి నేర్చుకునే టీడీ-గామన్ తయారుచేసినప్పుడు ఈ ఇబ్బంది అంతగా రాలేదు, ఎందుకంటే బ్యాక్‌గామన్‌లో పాచికలున్నాయి. మన పచ్చీసులో గవ్వలు చేసే పనే అది: ఆడేవాళ్లు కోరుకోకపోయినా ఆటను కొత్త దారుల్లోకి నెడతాయి. దాడిలో గవ్వలు లేవు కాబట్టి ఆ పని మనమే చేయాలి.

అయితే దీంట్లో ఒక మెలిక ఉంది. రాళ్లు 4 నుంచి 7కు జరగాలని తెలిసి కూడా, పదింట ఒకటి వంతున 2 నుంచి 3కు జరిగాయనుకోండి. గింజలు గెలుస్తాయి. ఆ గెలుపు ఘనతను గింజల ముందరి స్థితికి కట్టబెడితే అది అబద్ధం అవుతుంది, ఎందుకంటే రాళ్లు కావాలని తప్పు ఎత్తు వేశాయి. అందుకని ఇష్టం వచ్చినట్టు వేసిన ఎత్తుకు ముందరి స్థితి అంకెను ముట్టుకోకుండా వదిలేయాలి. 2 నుంచి 3కు జరిగిన స్థితి అంకెను మాత్రం మామూలుగానే సవరించాలి, ఆ తర్వాత జరిగింది నిజమే కాబట్టి. ఒక్క షరతు, ఒక్క లైను. లేకపోతే పట్టికలోని అంకెలన్నీ ఎదుటివాడు అప్పుడప్పుడూ తప్పు చేస్తాడన్న ఆశతో నిండిపోతాయి.

ఇంతకంటే పెద్ద చిక్కు దాడికే ప్రత్యేకం. సున్నా-ఇంటూ ఆటలో తొమ్మిది గడులు నిండితే ఆట ఎలాగూ ముగుస్తుంది. దాడిలో కాయలు జరుపుకుంటూ పోతే అంతే లేదు. ఆట ముగియకుండా ఎవరికీ జరిపే దారి లేని స్థితి ఇందులో రాదు. నడిమి చోటు ఖాళీగా ఉంటే ఎవరైనా అందులోకి పోవచ్చు. నా కాయ నడుమ ఉంటే ఏ ఖాళీలోకైనా పోవచ్చు. ఎదుటివాడు నడుమ కూర్చుని నన్ను పూర్తిగా కట్టేయాలంటే, నా మూడు కాయలు అంచున పక్కపక్కనే ఉండి, రెండు కొసలా వాడి కాయలు ఉండాలి. అలా కుదిరిందంటే ఎవరో ఒకరి వరుస అప్పటికే పడి ఉంటుంది. కావాలంటే కాగితం మీద వేసి చూడండి. కాబట్టి ఇద్దరూ అదే కాయను ముందుకూ వెనక్కూ జరుపుకుంటూ తెల్లవార్లూ కూర్చోవచ్చు.

అందుకే 60 ఎత్తుల దగ్గర ఆట ఆపేయాలి. ఆపేసిన ఆటను సమానం అని లెక్కేసి చివరి స్థితికి సున్నా రాయాలనిపిస్తుంది. నా మాట అడిగితే రాయకూడదు. ఆట ఆగింది గడియారం వల్ల, ఆ స్థితి వల్ల కాదు. గెలుపు అంచున ఉన్న స్థితి 60వ ఎత్తు దగ్గర పడిందన్న పాపానికి దాని మంచి అంకె చెరిగిపోతుంది. ఏమీ రాయకుండా కొత్త ఆట మొదలుపెట్టడం మేలు.

ఇదంతా చేశాక కూడా ఒక విచిత్రం కనిపిస్తుంది. ప్రోగ్రామ్ గెలిచే స్థితికి వస్తుంది, గెలవదు. పక్కకు జరుగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. లోపం అంకెల్లో ఉంది. కచ్చితంగా గెలిచే స్థితులన్నిటికీ అంకె +1కి చేరిపోతే, ఇప్పుడే గెలిచే ఎత్తూ, నాలుగు ఎత్తుల తర్వాత గెలిపించే ఎత్తూ దానికి ఒకటే. ఎప్పుడైనా గెలవచ్చు కదా అని తిరుగుతూ ఉంటుంది. ఇందుకే కోడ్‌లో `g` పెట్టాం. దాన్ని 1 నుంచి 0.95కు తగ్గిస్తే తీర్పు వెనక్కి నడిచే ప్రతి అడుగులో ఇరవయ్యో వంతు తరుగుతుంది. ఇప్పుడే గెలిస్తే 1. నా ఎత్తు, ఎదుటివాడి ఎత్తు, మళ్లీ నా ఎత్తుతో గెలుపు అయితే 0.9025. తేడా చిన్నదే, కానీ దగ్గరి గెలుపును ఎంచుకోవడానికి అది చాలు. ఓడిపోయే స్థితిలో ఇదే అంకె తిరగబడి, ఓటమిని వీలైనంత దూరం నెట్టమంటుంది. ఆట సగటున ఎన్ని ఎత్తులు సాగుతోందో రాసుకుంటూ ఉంటే ఈ జబ్బు తెలిసిపోతుంది. సగటు రోజురోజుకూ 60 వైపు పాకుతుంటే ప్రోగ్రామ్ నేర్చుకోవడం లేదు, తిరుగుతోంది.

నేర్చుకుందని ఎలా చెప్పాలి? తనతో తాను ఆడి సగం గెలిచింది అన్న మాటకు అర్థం లేదు, మొదటి రోజూ సగమే గెలుస్తుంది. ముందు చేయాల్సింది పట్టిక తెరిచి మన స్థితి దగ్గర రాళ్ల మూడు ఎత్తుల అంకెలు చూడటం. 2 నుంచి 3కూ, 9 నుంచి 6కూ పోయే రెండూ −0.95 దగ్గర ఉండాలి, 4 నుంచి 7కు పోయేది వాటికంటే పైన ఉండాలి. మామూలు ల్యాప్‌టాప్ మీద లక్ష ఆటలు నిమిషాల పని. తర్వాత, ఇష్టం వచ్చినట్టు ఆడేవాడితో పోటీ పెట్టి, అందులో ఓడిన ఆటలు మాత్రమే విడిగా చూడాలి. గెలిచినవాటి కంటే అవే ఎక్కువ చెబుతాయి.

ఓడిన ఆటలు చదివితే దాదాపు ఒకటే కారణం బయటపడుతుంది: ఎదుటివాడు ఎవరూ వేయని వెర్రి ఎత్తు వేశాడు. ప్రోగ్రామ్ తనతో తాను ఆడుతూ నడిమి చోటుకు విలువ ఎక్కువని కనిపెట్టింది. ఎనిమిది గెలుపు వరుసల్లో నాలుగు దాని మీదుగా పోతాయి కాబట్టి అది సహజమే. ఇక తన ఆటలన్నీ నడుమనే మొదలవుతాయి. ఎవరో 2లో మొదటి కాయ పెట్టి, రెండోది కూడా అంచునే పెడితే అక్కడి స్థితుల పక్కన ఇంకా సున్నాలే ఉంటాయి. బలంగా ఆడే ప్రోగ్రామ్ అక్కడ మొదటిరోజు పిల్లవాడే. తను నడిచిన దారిలో ఉన్న స్థితుల గురించే దానికి తెలుసు. తనతో తానే ఆడే ప్రతి ప్రోగ్రామ్‌కూ ఈ హద్దు ఉంది, ఆట ఎంత పెద్దదైనా సరే.

దీనికి రెండు మందులు బాగా పనిచేస్తాయి. ఒకటి, కొన్ని ఆటలను ఖాళీ పటంతో కాకుండా ఏదో ఒక స్థితి నుంచి మొదలుపెట్టించడం. రెండోది, పటాన్ని తిప్పి చూడటం. చతురస్రాన్ని నాలుగు వైపులా తిప్పినా, అద్దంలో చూసినా ఆట మారదు, కాబట్టి ఎనిమిది రూపాలను ఒకే వరుసలో రాసుకోవచ్చు. ఒక మూలన తగిలిన దెబ్బ నాలుగు మూలలకూ పాఠం అవుతుంది. ఇంకా అనుమానం ఉంటే, ఈ ఆట చిన్నది కాబట్టి పూర్తి పరీక్ష కూడా సాధ్యమే. గెలిచిన స్థితుల నుంచి వెనక్కి లెక్క కట్టి, ఏది గెలుపో, ఏది ఓటమో, ఏది ఎటూ తేలనిదో 4,030 స్థితులకూ తేల్చి, ఆ జవాబులతో ప్రోగ్రామ్ అంకెలను పక్కపక్కన పెట్టవచ్చు.

ఈ సౌకర్యం తొమ్మిది కాయల దాడికి పోగానే పోతుంది. అక్కడ కాయలన్నీ పెట్టాక జరిపే దశలోనే 700 కోట్లకు పైగా స్థితులుంటాయి. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఆ ఆట సమానంగా ముగుస్తుందని రాల్ఫ్ గాసర్ 1993లో కంప్యూటర్‌తో తేల్చారు, అదీ తనతో తానే ఆడి కాదు, వెనక్కి లెక్క కట్టి. గో లాంటి ఆటకు ఆ దారి కూడా లేదు. 2017లో ఆల్ఫాగో జీరో అనే గో ఆడే ప్రోగ్రామ్ మూడు రోజుల్లో తనతో తాను 49 లక్షల ఆటలు ఆడినప్పుడు, మనం పట్టిక పెట్టిన చోట దానికి ఒక న్యూరల్ నెట్‌వర్క్ ఉంది. ముందెప్పుడూ చూడని స్థితికి కూడా, చూసినవాటితో ఉన్న పోలికను బట్టి ఒక అంకె అంచనా వేస్తుంది. పట్టికలో ఒక వరుస మారిస్తే మిగతా వరుసలు కదలవు. నెట్‌వర్క్‌లో ఒక స్థితికి అంకె సరిచేస్తే, దానికి పోలిక ఉన్న వేల స్థితుల అంకెలు కూడా కదులుతాయి, కొన్ని తప్పు వైపుకు. అందుకే అక్కడ నిన్నటి ఆటలను దాచిపెట్టి, కొత్తవాటితో కలిపి మళ్లీ మళ్లీ చూపిస్తూ ఉంటారు.